మిద్దె తోటకు చెప్పకూడని చిట్కాలు

కామసముద్రంలో మిద్దె మీద నాలుగు సంచుల్లో కూరగాయలు పెట్టుకున్నవాళ్లకు సలహాలకు కరువు లేదు. అనప తీగకు నల్లపేను పట్టిందంటే ఒకరు బట్టల పొడి నీళ్లు కొట్టమంటారు, ఇంకొకరు పొగాకు నానబెట్టమంటారు. టమాటాలో పురుగు పడితే బంతి మొక్క పెట్టమంటారు. నత్త కనబడితే ఉప్పు చల్లమంటారు. ఇవన్నీ మందుల అంగడికి పోకుండా ఇంట్లోనే అయ్యే పనులు కాబట్టి మెత్తని మందులనే పేరు కూడా వచ్చింది.

అయితే ఈ ఊరికి రెండు సంగతులున్నాయి. బంగారుపేట నుంచి కుప్పం పోయే రైలు దారిలో ఉన్న ఈ పక్కంతా లోతు బోర్ల నీళ్లే ఆధారం. ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు. రెండోది, కోలారు జిల్లా అంటే పట్టుపురుగుల జిల్లా. మీ మిద్దె మీద నిలబడి చూస్తే ఏదో ఒక దిక్కున మల్బరి తోట కనబడే అవకాశం ఎక్కువ. ఈ రెండూ పట్టించుకోకుండా చెప్పే చిట్కా వేరే ఊళ్లో పనిచేసినా ఇక్కడ నష్టమే చేస్తుంది. అందుకే మన మధ్య తిరిగే సలహాలను తీసుకుని, ఒక్కొక్కటి ఎక్కడ తప్పుతుందో, దాని బదులు ఏం చేయాలో రాస్తున్నాను.

“బట్టల పొడి నీళ్లు కొట్టు, పేను పోతుంది”

మంచు పడే కాలంలో మన దగ్గర అనప తీగ లేని మిద్దె అరుదు. పితికిన పప్పు చేసుకోవాలనే ఆశతోనే అందరూ రెండు గింజలు నాటుతారు. పూత వచ్చే వేళకు చిగుళ్ల మీద, పూగుత్తుల కాడల మీద నల్లగా నిగనిగలాడుతూ పేనుబంక పేరుకుంటుంది. అది కాడల్లోంచి రసం పీలుస్తుంది. పువ్వు పిందె కాకుండానే రాలిపోతుంది. పేను విసర్జించే తీపి బంక కింది ఆకుల మీద పడి, దాని మీద మసి లాంటి బూజు పెరుగుతుంది. జనం చాలామంది ఆ మసిని చూశాకే పైకి చూస్తారు. అప్పటికి ఆలస్యమైపోయి ఉంటుంది.

పేను ఇంత త్వరగా ఎలా పెరుగుతుందంటే, మన వాతావరణంలో దానికి మగపురుగు అవసరం లేదు, గుడ్డు పెట్టే పనీ లేదు. ఆడపేను నేరుగా పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలు వారం పది రోజుల్లో మళ్లీ పిల్లల్ని కంటాయి. చోటు ఇరుకైతే రెక్కలున్నవి పుట్టి పక్క తీగకు ఎగిరిపోతాయి. కాబట్టి ఒకసారి ఏదో ఒకటి కొట్టి ఊరుకుంటే సరిపోదు. వారానికోసారైనా చూడాలి.

ఇక బట్టల పొడి మాట. సబ్బు నీళ్లు పేనును చంపుతాయన్నది నిజమే. మెత్తటి ఒళ్లున్న పురుగు మీద సబ్బు పడితే దాని పై పొర దెబ్బతిని, లోపలి తడి ఆరిపోయి చస్తుంది. తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, మన బోరు నీళ్లలో సున్నం పాలు ఎక్కువ. అందులో నిజమైన సబ్బు కలిపితే సున్నంతో కలిసి తెల్లటి తరకలు కట్టి పైకి తేలుతుంది. ఆ నీళ్లు కొడితే పేను చావదు. బట్టల పొడికి మాత్రం అదే నీళ్లలో బాగా నురగ వస్తుంది. దాన్ని చూసి ఇది బలమైన మందు అనుకుంటారు. నిజానికి ఆ పొడిలో ఉన్న సోడా, మరకలు పోగొట్టే రసాయనాలు ఆకు మీదున్న మైనపు పూతను తీసేస్తాయి. పక్కింటామె ఒకసారి అన్నమాట ఇది: “కొట్టితిని అక్కా, పేనూ పోయింది, చిగురూ పోయింది.” చిగురు అంచులు ముందు వాడి, మరుసటి రోజుకు గోధుమరంగుకు తిరుగుతాయి. లేత పిందెల మీద మచ్చలు పడతాయి. ఇది రోగం అనుకుని ఇంకో మందు వెతుక్కునేవాళ్లున్నారు.

చేయాల్సిన పని ఇలా ఉంటుంది. ఒక తీగను తీసుకుని చెప్తాను. పెద్ద సంచిలో అనప, తీగను గోడ మీది కమ్మికి ఎక్కించారు, పూగుత్తుల్లో సగానికి నల్లపేను పట్టింది అనుకుందాం. పొద్దున్నే ముందుగా బాగా కమ్ముకున్న కొసలను, ఎటూ పూత నిలవని గుత్తులను గిల్లి సబ్బు నీళ్ల బకెట్లో వేయండి. మిగిలిన గుత్తుల కింద ఎడమ అరచేయి పెట్టి, కుడిచేత్తో పైపు మూతిని వేలితో నొక్కి, సన్నగా జోరుగా నీళ్లు కొట్టండి. అరచేయి లేకపోతే పూకాడ విరుగుతుంది. కింద పడిన పేను చాలావరకు తిరిగి ఎక్కలేదు. ఒకరోజు విడిచి ఒకరోజు మూడుసార్లు ఇలా చేస్తే, చిన్న తీగకు చాలాసార్లు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

నీళ్లు కొట్టాక కూడా పేను తగ్గలేదంటే చీమల్ని చూడండి. చీమలు తీపి బంక కోసం పేనును కాపలా కాస్తాయి, దాన్ని తినే పురుగుల్ని తరిమేస్తాయి. తీగ మీద చీమ ఎక్కే దారులు లెక్కపెట్టండి: సంచి అడుగు, గోడ, కమ్మి, పక్క మొక్క ఆకు తగిలే చోటు. సంచి కింద నాలుగు ఇటుకలు పెట్టి ఒక్కొక్క ఇటుకనూ నీళ్ల పళ్లెంలో ఉంచవచ్చు. దోమలు పుట్టకుండా ఆ నీళ్లు రెండు రోజులకోసారి పారబోయాలి. కమ్మి గోడకు తగిలే చోట గుడ్డ చుట్టి దాని మీద జిడ్డు గ్రీజు పూయాలి. తీగ కాడ మీద మాత్రం నేరుగా పూయకూడదు. చీమల దారి తెగితే మిగతా పని అక్షింతల పురుగు చూసుకుంటుంది.

సబ్బు వాడక తప్పదనిపిస్తే, నీళ్ల పరీక్ష ముందు చేయండి. సీసాలో సగం నీళ్లు పోసి, కొద్దిగా సబ్బు కోరు వేసి బాగా కుదపండి. నురగ నిలిచి నీళ్లు పాలలా ఉంటే పనికొస్తాయి. తరకలు తేలితే పనికిరావు. వాననీళ్లో, ఊళ్లో తాగడానికి తెచ్చుకునే ఫిల్టరు నీళ్లో తీసుకోండి. ఒక లీటరు చాలు కాబట్టి పెద్ద ఖర్చేమీ కాదు. లీటరుకు 5 గ్రాములకు మించకుండా నూనెతో చేసిన మామూలు సబ్బు కరిగించి, రెండు ఆకుల మీద కొట్టి ఒకరోజు ఆగి, ఆకు మాడకపోతే మిగతా తీగకు సాయంకాలం కొట్టండి. ఆకు అడుగు తడవాలి, ఎందుకంటే సబ్బు తడిగా ఉన్నంతసేపే, తగిలిన పురుగునే చంపుతుంది. ఆరిపోయాక దానికి ఏ బలమూ ఉండదు. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వేప సబ్బు, కానుగ సబ్బు తయారుచేసింది. మిద్దె మీద ఒక పూట పనికి అవి బాగుంటాయి, మోతాదు పొట్లం మీద ఉన్నట్టే వాడాలి. పట్టు షెడ్డు దగ్గరుంటే మాత్రం వేప సంగతి వేరు, కింద చెప్తాను.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పేను గుంపులో పొడుగ్గా, బూడిదరంగు ఒంటి మీద నారింజ మచ్చలతో, బుల్లి మొసలి పిల్లలా పాకే పురుగు కనిపిస్తే దాన్ని చంపకండి. అది అక్షింతల పురుగు పిల్ల. పేనును తినడంలో తల్లికి తీసిపోదు. దానితోపాటు కాళ్లు లేని, పచ్చగానో తెల్లగానో ఉండి తల ఊపుతూ వెతికే చిన్న పురుగు ఉంటే అది సిర్ఫిడ్ ఈగ పిల్ల. ఉబ్బి గోధుమరంగుకు తిరిగి కదలకుండా అంటుకుపోయిన పేనులు కనబడితే వాటి లోపల చిన్న కందిరీగ పెరుగుతోందని అర్థం. ఒక గుత్తిలో ఇవి పదో పదిహేనో కనబడ్డాక సబ్బు పట్టుకుంటే, మీకు పనిచేస్తున్నవాటినే చంపినవాళ్లవుతారు. అప్పుడు నీళ్లు కూడా ఆపి వారం చూడండి.

“పొగాకు నీళ్లు చాలు, అది ఆకే కదా”

పొగాకులో ఉన్న నికోటిన్ మనుషులకూ విషమే. చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. కషాయం కాచేవాళ్లకు తల తిరగడం, వాంతి రావడం అందువల్లే. అది పేనుతోపాటు అక్షింతల పురుగునూ చంపుతుంది. పైగా పొగాకులో ఉండే ఒక వైరస్ ఎండబెట్టినా చావదు. బీడీ పొగాకు పట్టిన చేత్తో టమాటా, మిరప ముట్టుకుంటే ఆ మొజాయిక్ తెగులు మొక్కకు అంటవచ్చు. ఇక పట్టుపురుగుకు నికోటిన్ ఏ మోతాదులోనూ పనికిరాదు. ఈ చిట్కాను కామసముద్రంలో పూర్తిగా మరిచిపోవడమే మంచిది.

“బంతి పెడితే టమాటా దగ్గరికి పురుగు రాదు”

ఇది సగం నిజం. ఆ సగం తలకిందులుగా చెప్పడంతో తోటలు పాడవుతున్నాయి. బంతి పురుగును తరమదు, పిలుస్తుంది. టమాటా కాయను తొలిచే పచ్చపురుగు తల్లి రెక్కల పురుగు, బంతి మొగ్గ కనిపిస్తే అక్కడే గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. ఇలా బంతితో పురుగును పట్టుకోవడానికి హెసరఘట్ట సంస్థ పొలానికి ఒక లెక్క ఇచ్చింది: 16 సాళ్ల టమాటాకు ఒక సాలు బంతి. బంతి నారు 45 రోజులది, టమాటా నారు 25 రోజులది ఒకేసారి నాటాలి. అలాగైతేనే టమాటా పూతకూ బంతి పూతకూ జత కుదురుతుంది. కోలారు మండీకి టమాటా పండించే రైతు పొలానికి ఆ లెక్క సరిపోతుంది.

మిద్దె మీద ఆరు సంచులకు ఒక బంతి పెట్టి దాని మొహం చూడకపోతే పురుగుల్ని పెంచినట్టే. బంతి పెట్టేవాళ్లు రెండు రోజులకోసారి మొగ్గలు విడదీసి చూడాలి. మొగ్గ పక్కన చిన్న రంధ్రం ఉంటే ఆ మొగ్గ తెంపేయాలి. అంత ఓపిక లేదనుకుంటే బంతి దేవుడికి పెట్టుకోండి, టమాటాకు దాని మీద ఆశ పెట్టుకోకండి.

కాయ తొలిచే పురుగును పట్టుకునే అసలు సమయం కాయ గోళీ కంటే కొంచెం పెద్దగా ఉన్నప్పుడు. తల సగం కాయలోకి దూర్చి, వెనక ఒళ్లు బయటే ఉంచి తింటుంది. ఒక కాయ పూర్తి చేయకుండానే ఇంకో కాయకు పోతుంది. అందువల్ల ఒక్క పురుగు నాలుగైదు కాయలు పాడుచేస్తుంది. గుండ్రటి రంధ్రం ఉన్న కాయ కనిపిస్తే దాన్ని తెంపి, పక్క కాయలు కూడా తిప్పి చూడండి. తెంపిన కాయ మట్టిలో పారేస్తే పురుగు దిగి సంచి మట్టిలోనే ప్యూపా అవుతుంది. బకెట్ నీళ్లలో ముంచాలి.

వంగ, ముల్లంగి, పాలకూర ఆకుల్ని తినే లద్దె పురుగు కథ ఇంకొకటి. దాని తల్లి ఆకు అడుగున గుడ్లు గుంపుగా పెట్టి, పైన గోధుమరంగు నూగు కప్పుతుంది. ఆ ఆకుకు బూజు పట్టినట్టుంటుంది. పొదిగిన పిల్లలు మూడు నాలుగు రోజులు ఆ ఆకు మీదే కలిసి ఉండి, పచ్చదనాన్ని గోకి తిని, ఆకును జల్లెడ గుడ్డలా చేస్తాయి. ఆ ఒక్క ఆకు తెంపితే వందలాది పురుగులు ఒకేసారి పోతాయి. తర్వాత అవి విడిపోయి, పగలు మట్టిలో దాక్కుని రాత్రి పైకి వస్తాయి. పగలు వెతికి ఏమీ దొరకలేదని మందు కొట్టేవాళ్లు ఇక్కడే మోసపోతారు. ఆకు మీద తాజా పచ్చటి రెట్టల గుళికలుంటే పైనున్న ఆకు అడుగున చూడండి, అక్కడ లేకపోతే రాత్రి ఎనిమిది దాటాక టార్చి తీసుకుని మళ్లీ రండి. ఒంటినిండా వెంట్రుకలున్న గొంగళిని మాత్రం ఉత్త చేత్తో ముట్టుకోకూడదు, దద్దుర్లు వస్తాయి. పురుగు వీపు మీద బియ్యపు గింజల్లా తెల్లటి గూళ్లు అంటుకుని ఉంటే దాన్ని వదిలేయండి. దాని పని కందిరీగ చూసింది.

“బీటీ కొట్టు, సహజమైనది, ఎవరికీ హాని లేదు”

సలహాలన్నింట్లో నాకు ఎక్కువ భయం ఇదంటేనే, ఎందుకంటే ఇది చెప్పేవాళ్లు తప్పు చెప్పడం లేదు. బీటీ అంటే మట్టిలో ఉండే బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే సూక్ష్మజీవి. దాని పొడిని నీళ్లలో కలిపి ఆకుల మీద చల్లితే, ఆకుతోపాటు దాన్ని తిన్న గొంగళి పేగులో ఆ విషం విచ్చుకుంటుంది. పురుగు కొన్ని గంటల్లోనే తినడం మానేసి రెండు మూడు రోజుల్లో చస్తుంది. అక్షింతల పురుగుకు, తేనెటీగకు, మనిషికి ఏమీ కాదు. బెంగళూరు మిద్దె తోటల్లో దీన్ని మెచ్చుకోవడం న్యాయమే.

కానీ పట్టుపురుగు కూడా గొంగళే. ఈ సూక్ష్మజీవిని మొట్టమొదట గుర్తించిందే పట్టుపురుగులో. 1901లో జపాన్‌లో ఇషివాతా అనే శాస్త్రవేత్త, పట్టుపురుగులు ఉన్నట్టుండి కుప్పకూలి చచ్చిపోయే రోగానికి కారణం వెతికితే ఇది దొరికింది. పదేళ్ల తర్వాత జర్మనీలోని థురింగియాలో పిండిపురుగులో దొరికినప్పుడే ఇప్పటి పేరు వచ్చింది. లోకమంతా కూరగాయలకు మంచిదని వాడుతున్న మందు, పట్టు పెంచే ఊరికి పాత శత్రువు.

దాని బలం ఎంతంటే, పురుగు చావడానికి మల్బరి ఆకు మీద కనబడేంత మందు అక్కర్లేదు. మిద్దె మీద చల్లిన సన్నటి తుంపర గాలికి తోట మీదికి పోవచ్చు. అంతకంటే తరచుగా అది చేతులతో పోతుంది. మన ఊళ్లో చాలా ఇళ్లలో ఒకే మనిషి పొద్దున టమాటాకు మందు కొట్టి, ఆ చేత్తోనే మల్బరి కోసి పురుగులకు వేస్తారు. చివరి జ్వరం లేచిన పురుగు వారం రోజుల్లోనే తన జీవితంలో తినేదాంట్లో చాలాభాగం తినేస్తుంది. ఆ వారంలో ఆకు మీద ఏం పడినా ఇంట్లో చంద్రికలు ఖాళీగా మిగులుతాయి.

కాబట్టి నా మాట ఇది: మీ మిద్దె నుంచి మల్బరి కనబడితే బీటీ వద్దు. వేప కషాయం కూడా వద్దు, ఎందుకంటే గొంగళి తినకుండా, చర్మం మార్చుకోకుండా చేసే వేప గుణం పట్టుపురుగు మీదా పనిచేస్తుంది. గాలి అటు లేదు కదా అనే లెక్క నమ్మకండి, సాయంకాలం గాలి తిరుగుతుంది. మిద్దె తోట ఎంతున్నా పదిహేను ఇరవై సంచులే కాబట్టి, చేత్తో ఏరడం, టార్చి పెట్టుకుని వెతకడం సరిపోతాయి. పట్టు పెంచే ఇంట్లోవాళ్లు పురుగులకు ఆకు వేసిన తర్వాతే తోట పని పెట్టుకోవాలి, ముందు కాదు. తోటలోంచి వస్తే చేతులు కడుక్కుని, చీర లేదా పంచె మార్చుకుని షెడ్డులోకి పోవాలి.

చుట్టుపక్కల ఎక్కడా పట్టు లేదని ఖాయంగా తెలిసినవాళ్లకు మాత్రం వేపగింజల కషాయం మంచిదే. పొట్టు తీసిన పప్పు 50 గ్రాములు నలగ్గొట్టి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున మూట పిండి వడకట్టాలి. కొద్దిగా సబ్బు కలిపి ఆరోజు సాయంకాలమే కొట్టాలి. ఎండకు దాని గుణం కొద్ది రోజుల్లోనే పోతుంది. పెద్ద పురుగుల మీద పనిచేయదు, వేలిగోరు కంటే చిన్నవి ఉన్నప్పుడే వాడాలి. బూజు పట్టిన గింజలు వాడకండి.

“నత్త మీద ఉప్పు వెయ్యి”

మన ఊళ్లో పెద్ద నత్త నర్సరీ కుండీలతో, కొన్న ఎరువు సంచులతో మిద్దె ఎక్కుతుంది. 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి కలకత్తా తోటలోకి తెచ్చి వదిలిన ఆఫ్రికా నత్త సంతతే ఇది. ఎండకాలమంతా పెంకు మూతి మూసుకుని మట్టిలో పడుకుని, మొదటి వానకు లేస్తుంది.

ఉప్పు వేస్తే నత్త చస్తుంది, నిజమే. కానీ ఆ ఉప్పు సంచి మట్టిలోకి దిగుతుంది. మన బోరు నీళ్లు ఇప్పటికే ఉప్పుగా ఉంటాయి, సంచిలోంచి ఉప్పు కడిగిపోయే దారి తక్కువ. ఆకు అంచులు మాడి, మొక్క కుంగిపోతుంది. గుడ్డు పెంకులు చుట్టూ పోస్తే దాటదనేది కూడా నమ్మకండి. ఇంగ్లండులోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ గుడ్డు పెంకులు, రాగి పట్టీ, గరుకు రాళ్లు పెట్టి పరీక్ష చేస్తే, అవేవీ లేని మొక్కలకూ వీటికీ తేడా కనబడలేదు. అంగడిలో దొరికే మెటాల్డిహైడ్ గుళికలు కుక్కలను చంపుతాయి, పిల్లలున్న ఇంట్లో తేకూడదు.

సాయంకాలం సంచుల మధ్య తడి గోనె పరిచి, దాని కింద బొప్పాయి ఆకులో తొక్కలో పెట్టండి. చీకటి పడి రెండు గంటలయ్యాక ఒకసారి, తెల్లవారక ముందు ఒకసారి గోనె ఎత్తి ఏరండి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కోవాలి. ఈ నత్తలో మనిషి మెదడుకు పోయే పురుగు ఉండవచ్చు, అందుకే దాని జిగురు పడిన ఆకుకూరను పచ్చిగా తినకూడదు. ఏరినవాటిని మూత ఉన్న బకెట్లో గట్టి ఉప్పునీళ్లలో వేసి, మరుసటి రోజు మిద్దెకు దూరంగా లోతుగా పూడ్చండి. ఆ నీళ్లు ఏ మొక్కకూ పోయకండి.

కొత్తగా తెచ్చిన కుండీని వారం రోజులు మిగతా సంచులకు దూరంగా ఉంచి, పై మట్టి వేలెడు లోతు తవ్వి చూడండి. పసుపు తెలుపు రంగులో బఠాణీ కంటే చిన్నగా గుత్తిగా ఉన్నవి గుడ్లు. ఒక్క గుత్తిలో వంద దాటి ఉండొచ్చు. పెద్ద నత్తలన్నీ ఏరేశాక కూడా రెండు వారాల తర్వాత మళ్లీ గోనె పరచండి, ఆ గుడ్లలోంచి వచ్చిన గోరంత నత్తలు అప్పుడే దొరుకుతాయి.